బుధుడి దారిలో 43 సెకన్లు
(స్మారకోపన్యాస పాఠం)

జీవితమంతా భౌతికశాస్త్రం బోధించిన ఒక అధ్యాపకుడి స్మృతిలో ఏర్పాటైన ఈ ఉపన్యాసానికి ఈసారి ఎంచుకున్నది ఒక ప్రశ్న. ఏం జరిగినా "ఇది మా సిద్ధాంతం ప్రకారమే జరిగింది" అనగలిగే సిద్ధాంతం నిజంగా మనకేమైనా చెబుతున్నదా? తత్వశాస్త్రంలో ఈ చర్చకు ఖండనీయత అని పేరు. ఒక మాట తప్పయితే, అది తప్పని తేలే దారి ఒకటి ముందే తెరిచి ఉండాలన్నది దాని సారం. పేరు పెట్టింది తత్వవేత్తలే అయినా, దాన్ని అన్నిటికంటే బాగా చూపించే కథ మాత్రం ఖగోళశాస్త్రంలో ఉంది. ఒకే శాస్త్రవేత్త ఒకే రకం ఊహను రెండుసార్లు చేశాడు. మొదటిసారి యూరప్ అంతా ఆయనకు జేజేలు పలికింది. రెండోసారి వెతికినవాళ్లకు ఆకాశంలో ఏమీ దొరకలేదు. ఆ రెండు ఊహల మధ్య పోలిక, తేడా రెండూ తెలుసుకోదగ్గవే.

వియన్నాలో ఒక కుర్రవాడి అనుమానం

ముందుగా 1919 నాటి వియన్నా. యుద్ధంలో ఓడి, సామ్రాజ్యం చెదిరిపోయి, తిండికి కటకటలాడుతున్న ఆ నగరంలో కొత్త సిద్ధాంతాలకు మాత్రం కొదవ లేదు. ఫ్రాయిడ్ మనోవిశ్లేషణ, ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ మనస్తత్వశాస్త్రం, మార్క్స్ చరిత్ర సిద్ధాంతం, ఐన్‌స్టీన్ సాపేక్షత యువకుల నోళ్లలో నానుతుండేవి. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండని కార్ల్ పాపర్ ఈ నాలుగింటినీ ఆసక్తిగా వినేవాడు. పేద కార్మికుల పిల్లల కోసం ఆడ్లర్ నడిపిన కేంద్రాల్లో కొంతకాలం స్వచ్ఛందంగా పని కూడా చేశాడు.

అక్కడ జరిగిన ఒక సంఘటనను పాపర్ తర్వాతి కాలంలో రాసుకున్నాడు. ఒక పిల్లవాడి ప్రవర్తన గురించి ఆడ్లర్‌కు చెప్పాడు. అది ఆడ్లర్ సిద్ధాంతానికి అంతగా సరిపడే ఉదాహరణ కాదని పాపర్‌కు అనిపించింది. ఆడ్లర్ మాత్రం తడుముకోకుండా, ఆ పిల్లవాడిని చూడనైనా చూడకుండా, న్యూనతాభావం ఆధారంగా అంతా వివరించేశాడు. అంత నమ్మకంగా ఎలా చెప్పగలిగారని అడిగితే, ఇలాంటివి వెయ్యి చూసిన అనుభవం అన్నాడట. ఇప్పుడు ఆ అనుభవానికి వెయ్యిన్నొకటోది కూడా చేరిందన్నమాట అని పాపర్ బదులిచ్చాడు. ఆ వెయ్యి ఉదాహరణలూ ఇలాగే లెక్కకు చేరాయేమోనన్నది ఆ మాటలోని అనుమానం.

ఆ అనుమానాన్ని పాపర్ ఒక ఊహా సందర్భంతో తేటపరిచాడు. ఒక మనిషి పసిబిడ్డను ముంచి చంపాలని నీళ్లలోకి తోస్తాడు. ఇంకొకడు మునిగిపోతున్న బిడ్డను కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకుంటాడు. ఫ్రాయిడ్ సిద్ధాంతం ప్రకారం మొదటివాడు అణచివేతకు గురైనవాడు, రెండోవాడు ఆ అణచివేతను ఉదాత్తంగా మలుచుకున్నవాడు. ఆడ్లర్ సిద్ధాంతం ప్రకారం మొదటివాడు న్యూనతాభావంతో తన ధైర్యం నిరూపించుకోవడానికి నేరం చేశాడు, రెండోవాడు అదే భావంతో, అదే నిరూపణ కోసం నీళ్లలోకి దూకాడు. చంపినా సిద్ధాంతం నిలుస్తుంది, కాపాడినా నిలుస్తుంది. వాటి అనుయాయులకు ఇదే గొప్ప బలంగా కనిపించింది. పాపర్‌కు అదే లోపంగా తోచింది. గట్టు మీద నిలబడ్డ మనిషి మరుక్షణంలో ఏం చేయబోతున్నాడో ఆ రెండు సిద్ధాంతాల్లో ఏదీ చెప్పలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. ఆరు ముఖాల పాచికను మూత కింద వేశారనుకుందాం. "నాలుగు పడింది" అని ఒకరు చెబితే, ఆ మాట అయిదు అవకాశాలను కొట్టేస్తుంది. "సరిసంఖ్య పడింది" అంటే మూడింటిని కొట్టేస్తుంది. "ఒకటి నుంచి ఆరు లోపల ఏదో పడింది" అన్నవాడి మాట నూటికి నూరుపాళ్లూ నిజమే, ఎన్నిసార్లు వేసినా నిజమే. కానీ ఆ మాట విన్నాక మూత కింద ఏముందో విననివాడికంటే మనకు పిసరంత కూడా ఎక్కువ తెలియదు. ఒక మాటలో సమాచారం ఎంత ఉందన్నది, అది ఎన్ని అవకాశాలను కాదంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏ అవకాశాన్నీ కాదనని మాట ఎప్పుడూ ఓడిపోదు. చెప్పిందేమీ లేదు కాబట్టే ఓడిపోదు.

1934 చివర్లో జర్మన్ భాషలో వచ్చిన పాపర్ పుస్తకం ఈ ఆలోచనకు పూర్తి రూపం ఇచ్చింది. ఏది శాస్త్రమో, ఏది కాదో విడదీసే గీతను ఆయన రుజువుల సంఖ్య మీద గీయలేదు. ఏ పరిశీలన ఎదురైతే ఈ సిద్ధాంతాన్ని వదులుకుంటారన్న ప్రశ్నకు జవాబు ఉందా, లేదా అన్న దాని మీద గీశాడు.

అయితే శాస్త్ర చరిత్ర తెలిసినవాళ్లు వెంటనే ఒక అభ్యంతరం చెబుతారు. శాస్త్రవేత్తలు కూడా లెక్క తప్పిన ప్రతిసారీ సిద్ధాంతాన్ని పారేయరు కదా? ఏదో ఒక సర్దుబాటు చేసి నిలబెట్టుకుంటారు కదా? నిజమే. వాళ్ల సర్దుబాటుకూ ఆడ్లర్ సర్దుబాటుకూ ఉన్న తేడా ఏమిటో తెలియాలంటే ఖగోళశాస్త్రం వైపు చూడాలి.

ఒక గ్రహం దొరికింది

1781లో విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుగొన్నాడు. అది సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి 84 ఏళ్లు పడుతుంది. న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రంతో దాని దారిని ముందే లెక్కగట్టి పట్టికలు వేశారు. కానీ యురేనస్ ఆ పట్టికల ప్రకారం నడవలేదు. 1840ల మధ్యకు వచ్చేసరికి అది ఉండాల్సిన చోటుకు దాదాపు 2 ఆర్క్ నిమిషాలు ఎడంగా కనిపించసాగింది. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం. పున్నమి చంద్రుడి వెడల్పు సుమారు 30 ఆర్క్ నిమిషాలు కాబట్టి, ఈ తేడా ఆ వెడల్పులో పదిహేనో వంతు. కంటికి ఆనకపోయినా టెలిస్కోపుతో పనిచేసేవాళ్లు తీసి పారేయగల తేడా కాదిది.

పైపైన చూస్తే న్యూటన్ సూత్రం ఇక్కడ తప్పిపోయినట్టే. కానీ ఒక లెక్క సూత్రం ఒక్కదాని మీదే నిలబడదు. సౌరకుటుంబంలో ఏయే గ్రహాలున్నాయో మనకు తెలుసునన్న భావన కూడా అందులో భాగమే. తప్పు సూత్రానిది కాకపోవచ్చు, గ్రహాల జాబితాదే కావచ్చు. ఇంగ్లండ్‌లో జాన్ కౌచ్ ఆడమ్స్, ఫ్రాన్స్‌లో ఉర్బాన్ లెవెరియే ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ దారి పట్టారు. యురేనస్‌కు అవతల కనిపించని గ్రహం ఒకటి దాన్ని లాగుతోందనుకుంటే, అది ఎక్కడ ఉండాలి? ఈ లెక్క తలకిందులుగా చేయాలి. తెలిసిన గ్రహం ప్రభావం కట్టడం తేలిక. కనిపించే ప్రభావాన్ని పట్టుకుని దాని వెనకున్న గ్రహం చోటు, బరువు కట్టడం నెలల తరబడి సాగే పని.

లెవెరియే తన లెక్క ముగించి, బెర్లిన్ అబ్జర్వేటరీలోని యోహాన్ గాలేకు ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబర్ 23న ఉత్తరం అందింది. ఆ రాత్రే గాలే టెలిస్కోపు దగ్గర కూర్చున్నాడు. విద్యార్థి హైన్రిఖ్ డారెస్ట్ ఒక మంచి సలహా ఇచ్చాడు. ఆకాశంలో ఆ భాగానికి కొత్తగా అచ్చయిన నక్షత్రాల పటం ఉంది కదా, దానితో పోల్చి చూద్దామన్నాడు. గాలే టెలిస్కోపులో కనిపిస్తున్న చుక్కలను ఒక్కొక్కటిగా, ఎక్కడుందో, ఎంత వెలుగుందో చెబుతూ పోయాడు. డారెస్ట్ పటం మీద వేలు పెట్టి సరిచూస్తూ వచ్చాడు. కొద్దిసేపటికే ఒక చుక్క దగ్గర అతను, ఇది పటంలో లేదు అని అరిచాడు. మర్నాటి రాత్రికి ఆ చుక్క జరిగింది. లెవెరియే చెప్పిన చోటుకు అది ఒక్క డిగ్రీ లోపలే ఉంది. ఆ గ్రహమే నెప్ట్యూన్.

ఈ కథను న్యూటన్ సూత్రం విజయంగా చెప్పుకోవడం మామూలే. నిజానికి ఆ ఉత్తరం అందిన రాత్రి ఎలా ముగిసి ఉండేదో కూడా ఆలోచించాలి. లెవెరియే ఎక్కడో ఒక గ్రహం ఉండి ఉంటుందని రాసి ఊరుకోలేదు. ఫలానా చోట చూడండి, గ్రహం కాబట్టి చిన్న బింబంగా కనిపించాలి అని రాశాడు. పటంలోని చుక్కలన్నీ సరిపోయి, కొత్తది ఏదీ కనిపించకపోతే ఆయన లెక్క బహిరంగంగా దెబ్బతినేది. సూత్రాన్ని కాపాడటానికి చేసిన సర్దుబాటు, కొత్తగా ఓడిపోగల ఒక మాటను ముందుకు తెచ్చింది. ఆడ్లర్ వివరణలో లేనిది ఇదే. పిల్లవాడి గురించి ఆయన చెప్పినదాన్ని సరిచూడటానికి ఏ కిటికీ తెరవాలో, ఎటు చూడాలో అందులో లేదు.

ఒక గ్రహం దొరకలేదు

నెప్ట్యూన్ తర్వాత లెవెరియే బుధుడి వైపు తిరిగాడు. బుధుడి కక్ష్య కొంచెం సాగిన వృత్తం. అందులో సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే బిందువును పరిహేళి అంటారు. మిగతా గ్రహాలు లాగడం వల్ల ఈ బిందువు ఉన్నచోట ఉండకుండా మెల్లగా ముందుకు జరుగుతుంది. ఎంత జరగాలో న్యూటన్ సూత్రంతో కట్టవచ్చు. నేటి విలువల్లో చెప్పాలంటే ఇతర గ్రహాల వల్ల శతాబ్దానికి సుమారు 532 ఆర్క్ సెకన్లు జరగాలి. ఒక ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ సెకను. కానీ కనిపించేది సుమారు 575. మిగిలిన 43 ఆర్క్ సెకన్లకు లెక్క లేదు. ఈ మిగులు ఒక్కటే పరిహేళిని సూర్యుడి చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిప్పాలంటే ముప్పై లక్షల ఏళ్లు పడుతుంది. అంత సూక్ష్మమైన తేడా. అయినా బుధుడు సూర్యబింబం మీదుగా దాటిన వేళలను తరాల తరబడి రాసిపెట్టిన పుస్తకాలు ఉండటంతో అది దాగలేదు. 1859లో లెవెరియే దాన్ని 38 ఆర్క్ సెకన్లుగా కట్టాడు. 1882లో సైమన్ న్యూకోంబ్ 43గా సవరించాడు.

లెవెరియే మందు పాతదే. బుధుడికీ సూర్యుడికీ మధ్య కనిపించని గ్రహమో, చిన్న చిన్న గ్రహాల గుంపో ఉండాలన్నాడు. 1859 చివర్లో ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. ఓర్జేర్ అనే పల్లెలో వైద్యం చేసుకుంటూ తీరిక వేళల్లో ఆకాశం చూసే లెస్కర్‌బో అనే డాక్టరు, మార్చి 26న ఒక నల్లటి గుండ్రని చుక్క సూర్యుడి మీదుగా దాటడం చూశానని రాశాడు. లెవెరియే చెప్పా పెట్టకుండా రైలెక్కి ఆ డాక్టరు ఇంటికి వెళ్లి నిలదీశాడు. గడియారం ఏదంటే, సెకన్ల ముల్లు లేని పాత జేబుగడియారం తీశాడు. సెకన్లు ఎలా లెక్కించావంటే, దారానికి కట్టి మేకుకు వేలాడదీసిన ఒక దంతపు బంతిని ఊపి చూపించాడు. లెక్కలు ఎక్కడ వేశావంటే చెక్కపలకల మీద అన్నాడు. పలక నిండాక చిత్రిక పట్టి మళ్లీ వాడుకుంటాడట. ఇంత సాదాసీదా సరంజామా చూసి కూడా లెవెరియేకు ఆ మనిషి నిజాయతీ మీద గురి కుదిరింది. ఆ చుక్క సూర్యుడి నుంచి దాదాపు 2.1 కోట్ల కిలోమీటర్ల దూరంలో, 20 రోజులకు కాస్త తక్కువలో ఒక చుట్టు తిరుగుతుందని కట్టాడు. గ్రహానికి వల్కన్ అని పేరు స్థిరపడింది. పల్లె డాక్టరును ఫ్రెంచి ప్రభుత్వం పతకంతో సన్మానించింది.

లెవెరియే ఊహకు ఉన్న యోగ్యత ఆ వెంటనే బయటపడింది. వల్కన్ ఉంటే అది మాటిమాటికీ సూర్యుడి ముందు నుంచి దాటాలి. సంపూర్ణ సూర్యగ్రహణం వేళ సూర్యుడి పక్కన మెరవాలి. కాబట్టి లోకమంతా వెతికింది. లెస్కర్‌బో చుక్కను చూశానన్న సమయంలోనే బ్రెజిల్‌లో సూర్యుణ్ణి పరిశీలిస్తున్న ఇమాన్యుయెల్ లియె, తనకు అలాంటిదేమీ కనిపించలేదన్నాడు. 1877 మార్చిలో వల్కన్ సూర్యుడి మీదుగా దాటవచ్చని లెవెరియే ముందే ప్రకటించాడు. ఎదురుచూసినవాళ్లకు ఏమీ కనిపించలేదు. అదే ఏడాది సెప్టెంబర్ 23న, నెప్ట్యూన్ కనిపించిన రోజుకు సరిగ్గా 31 ఏళ్లకు, ఆయన కన్నుమూశాడు. 1878 జూలైలో అమెరికాలో సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు జేమ్స్ వాట్సన్, లూయిస్ స్విఫ్ట్ అనే ఇద్దరు అనుభవజ్ఞులు కొత్త చుక్కలు చూశామన్నారు. వాళ్లు చెప్పిన స్థానాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. వాళ్లు చూసింది తెలిసిన నక్షత్రాలనే అని విమర్శకులు చూపించారు. చివరికి 1901 నుంచి 1908 వరకు వచ్చిన గ్రహణాల్లో అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీ బృందాలు సూర్యుడి పరిసరాలను ఫోటోలు తీశాయి. ఆ ఫలకల మీద తెలిసిన నక్షత్రాలు ఉన్నాయి, వల్కన్ లేదు.

ఈ అర్ధ శతాబ్దంలో వేరే సర్దుబాట్లు కూడా వచ్చాయి. వాటిలో ఒకటి మన ప్రశ్నకు చాలా దగ్గరిది. గురుత్వాకర్షణ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందన్నది న్యూటన్ సూత్రం. అంటే ఘాతం సరిగ్గా 2. దాన్ని 2.00000016 చేస్తే బుధుడి లెక్క సరిపోతుందని 1894లో ఏసఫ్ హాల్ సూచించాడు. వినడానికి ఇది కావాలని చేసిన మెలికలా ఉంటుంది. కానీ అంకె మార్చిన మరుక్షణం అది సౌరకుటుంబంలోని ప్రతి కక్ష్యకూ వర్తిస్తుంది. చంద్రుడి కదలికలను ఎర్నెస్ట్ బ్రౌన్ మరింత సూక్ష్మంగా లెక్కగట్టినప్పుడు ఆ మారిన ఘాతానికి అక్కడ చోటు లేదని తేలింది. హాల్ ఊహ ఒక చోట అతికి, మరో చోట తెగింది. తెగే వీలున్న ఊహ కాబట్టే దాన్ని పక్కన పెట్టడం సాధ్యమైంది. ఇంకొందరు సూర్యుడి చుట్టూ ధూళి మేఘాలు ఉన్నాయన్నారు. ధూళి ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్నది అవసరాన్ని బట్టి మార్చుకుంటూ పోవచ్చు కాబట్టి ఆ ఊహను పట్టుకోవడం కష్టమైంది. ప్రతి గ్రహం తేడాకూ ఒక మేఘం చొప్పున కేటాయిస్తూ పోతే ఏ తేడా అయినా సరిపోతుంది, ఆ మేరకు మేఘం గురించి చెప్పేదీ తగ్గిపోతుంది.

సర్దుబాటుకు తావులేని అంకె

1915 నవంబర్ 18న బెర్లిన్‌లో ఐన్‌స్టీన్ ఒక పత్రం సమర్పించాడు. గురుత్వాకర్షణను స్థలకాలాల వక్రతగా చూసే కొత్త సమీకరణాలను బుధుడికి అన్వయించాడు. సూర్యుడి ద్రవ్యరాశి, బుధుడి కక్ష్య కొలతలు, కాంతి వేగం తప్ప అందులో వేరే అంకె ఏదీ వేయలేదు. వచ్చిన జవాబు శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు. ఆ ఫలితం చూసినప్పుడు తనకు గుండె దడ వచ్చిందని ఐన్‌స్టీన్ మిత్రులతో చెప్పుకున్నాడు. తిప్పి సరిచేయడానికి అందులో మర ఒక్కటీ లేదు. జవాబు 30 వచ్చి ఉంటే సిద్ధాంతం అక్కడే కుంటుపడేది.

అయినా బుధుడి తేడా అందరికీ ముందే తెలుసు. తెలిసిన జవాబుకు లెక్క కుదిర్చారని ఎవరైనా అనవచ్చు. అదే సిద్ధాంతం అప్పటికి ఎవరూ కొలవని ఇంకో మాట కూడా చెప్పింది. సూర్యుడి అంచును ఒరుసుకుంటూ వచ్చే నక్షత్రకాంతి 1.75 ఆర్క్ సెకన్లు వంగాలి. న్యూటన్ భావనలతో లెక్కిస్తే అందులో సగం, 0.87 రావాలి. అసలు వంగకపోవడానికి కూడా అవకాశం ఉంది. అంటే కొలవకముందే మూడు జవాబులు బల్ల మీద ఉన్నాయి. వాటిలో రెండు ఐన్‌స్టీన్‌ను ఓడిస్తాయి.

1919 మే 29 గ్రహణాన్ని కొలవడానికి ఇంగ్లండ్ నుంచి రెండు బృందాలు బయలుదేరాయి. ఆర్థర్ ఎడింగ్టన్ ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపే దీవికి, మరో బృందం బ్రెజిల్‌లోని సోబ్రాల్‌కు వెళ్లాయి. సోబ్రాల్‌లో చిన్న టెలిస్కోపు ఫలకల నుంచి 1.98 వచ్చింది. మబ్బుల మధ్య తీసిన ప్రిన్సిపే ఫలకల నుంచి 1.61 వచ్చింది. సోబ్రాల్‌లోనే మరో పరికరం మాత్రం 0.93 చూపించింది. అది న్యూటన్ అంకెకు దగ్గర. ఎండ వేడికి ఆ పరికరం ఫోకస్ చెడి నక్షత్రాల గుర్తులు అలుక్కుపోయాయని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నచ్చని ఫలితాన్ని వదిలేశారా అన్న ప్రశ్న ఇక్కడ న్యాయంగానే పుడుతుంది. దీనికి జవాబు వాదనలో దొరకదు, మళ్లీ కొలవడంలో దొరుకుతుంది. 1922లో ఆస్ట్రేలియాలోని వాలాల్‌లో లిక్ అబ్జర్వేటరీ బృందం కొలిచినప్పుడు కూడా జవాబు 1.75 చుట్టుపక్కలే వచ్చింది. సోబ్రాల్ పరికరాన్ని వదిలేయడానికి చెప్పిన కారణం మరో చోట, వేరే చేతుల్లో పరీక్షకు నిలిచింది.

వియన్నాలో పాపర్ మనసును కదిలించింది ఈ గ్రహణ వార్తే. సిద్ధాంతం నెగ్గడం కంటే, ఓడిపోవడానికి అంత బాహాటంగా సిద్ధపడటం ఆయనకు గొప్పగా తోచింది. లెవెరియే కూడా అదే చేశాడు. నెప్ట్యూన్ విషయంలో నెగ్గాడు, వల్కన్ విషయంలో ఓడాడు. రెండుసార్లూ ఆయన మాటలో సమాచారం ఉంది. బుధుడి కక్ష్యకు లోపల ఆ కొలతలున్న గ్రహం లేదని ఈనాడు మనకు ఖాయంగా తెలుసంటే, అది ఉందని ఆయన అంత స్పష్టంగా చెప్పడం వల్లనే.

పుణెలో ఒక పరీక్ష

గ్రహాల కథలో ప్రకృతి తనంతట తానే పరీక్ష పెట్టింది. ఎటూ అతికే మాటను కావాలని పరీక్షకు నిలబెట్టవచ్చా? ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ 2008లో మహారాష్ట్రలోని పుణెలో సహచరులతో కలిసి చేసింది అదే. జ్యోతిషం గురించి ఆయన మొత్తంగా తీర్పు చెప్పబోలేదు. ఒక్క మాటను ఎంచుకున్నాడు. జాతకం చూసి బిడ్డ బుద్ధిబలం చెప్పవచ్చునన్నది జ్యోతిష్కులు తరచూ చెప్పేదే. చదువులో బాగా రాణిస్తున్న పిల్లలు 100 మంది, మానసిక వైకల్యం ఉన్న పిల్లలు 100 మంది జన్మ వివరాలు సేకరించి జాతకాలు వేయించారు. పరీక్షలో పాల్గొన్న ప్రతి జ్యోతిష్కుడికీ అందులోంచి 40 జాతకాలు, పేర్లు లేకుండా, కలగాపులగంగా పంపారు. ఏది ఏ వర్గానిదో చెబితే చాలు.

ఈ ఏర్పాటులో ఉన్న పనితనం గమనించదగ్గది. మామూలుగా జాతకం చెప్పేటప్పుడు మాట ఎటైనా మలుపు తిరగవచ్చు. బిడ్డ చదువులో వెనకబడితే గురుడు బలంగా ఉన్నా శని దృష్టి పడిందనవచ్చు. ముందుంటే శని ఉన్నా గురుడు కాపాడాడనవచ్చు. ఈ పరీక్షలో జవాబు రాసిన తర్వాతే అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు మలుపు తిప్పడానికి దారి ఉండదు. పైగా ఎన్ని సరిపోతే గొప్ప, ఎన్ని సరిపోతే యాదృచ్ఛికం అన్నది లెక్కతో చెప్పవచ్చు. నాణెం ఎగరేసి రాసినా 40లో సగటున 20 సరిపోతాయి. 28 లేదా అంతకంటే ఎక్కువ కేవలం అదృష్టం వల్ల సరిపోయే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ.

51 మంది జాతకాలు తెప్పించుకున్నారు, 27 మంది జవాబులు పంపారు. అందరిలోకీ ఎక్కువ సరిపోయినవి 24. సగటు 20 కంటే తక్కువే. 24 అన్నది గొప్ప సంఖ్యేనా అన్న సందేహం వస్తే, దానికీ లెక్క ఉంది. 40 సార్లు నాణెం ఎగరేస్తే 24 లేదా అంతకంటే ఎక్కువ సరిపోయే అవకాశం సుమారు 13 శాతం. 27 మంది నాణేలు ఎగరేస్తే ముగ్గురు నలుగురికి ఆ మాత్రం రావడం సహజం. ఒక జ్యోతిష సంస్థ మొత్తం 200 జాతకాలూ తీసుకుని చూసింది. వాళ్లకు 102 సరిపోయాయి.

ఈ పరీక్ష ఎంతవరకు చెబుతుందో కూడా అంతే కచ్చితంగా చెప్పుకోవాలి. పాల్గొన్న జ్యోతిష్కులు, తమకు ఇచ్చిన జాతకాల ఆధారంగా, ఈ రెండు వర్గాలను విడదీయలేకపోయారని ఇది చెబుతుంది. పెళ్లి గురించో, ఆయుర్దాయం గురించో ఇది ఏమీ చెప్పదు. పాల్గొననివాళ్లలో ఎవరో చెప్పగలరేమో అన్న ప్రశ్నను కూడా ఇది మూసేయదు. జన్మ సమయం నమోదులో తప్పు ఉండి ఉండవచ్చని ఎవరైనా అంటే, అది యురేనస్ విషయంలో గ్రహాల జాబితాను అనుమానించడం లాంటిదే. అందులో తప్పేమీ లేదు. కాకపోతే లెవెరియే తన అనుమానాన్ని ఉత్తరంలో ఒక చోటు గుర్తుపెట్టి పంపాడు. జన్మ సమయాలదే లోపమని నమ్మేవాళ్లు చేయవలసిన పని కూడా అలాంటిదే. ఆసుపత్రిలో నిమిషం సహా రాసిపెట్టిన జన్మ సమయాలతో కొత్త పిల్లల జాతకాలు వేయించి, ఎన్ని సరిపోతే తమ మాట నెగ్గినట్టో, ఎన్నిటికి తగ్గితే వదులుకుంటారో జవాబులు తెరవకముందే రాసి మూడో మనిషి చేతిలో పెట్టాలి. జాతకాలు సేకరించడానికి పిల్లల తల్లిదండ్రుల అనుమతి, పంచడానికి ఏ పక్షానికీ చెందని ఒక మనిషి, సరిచూడటానికి ఒక గణాంక నిపుణుడు చాలు. ఖర్చు తపాలాకు అయ్యేంతే. అలాంటి పరీక్షకు ఎవరు ముందుకొచ్చినా, ఫలితం ఎటు తేలినా, ఇప్పుడు తెలియని ఒక సంగతి అప్పుడు తెలుస్తుంది.